72 లక్షల ఫ్లాట్‌కి నిజంగా చేతి నుంచి ఎంత పోతుంది: రిజిస్ట్రేషన్, స్టాంప్ డ్యూటీ, బ్రోకర్ అన్నీ కలిపి

అడిగింది: "మియాపూర్ సైడ్ ఒక రీసేల్ డబుల్ బెడ్రూమ్ ఫ్లాట్ చూశాం, ఓనర్ 72 లక్షలకి ఫైనల్ అన్నారు. మా దగ్గర 20 లక్షలు ఉన్నాయి, మిగతాది హోమ్ లోన్. రిజిస్ట్రేషన్‌కి 6 శాతమే అని మా బావగారు, 8 శాతం దాకా అవుతుందని బ్రోకర్ అంటున్నారు. అన్నీ కలిపి ఎంతవుతుంది? 20 సరిపోతుందా?"

సరిపోదండి. బ్యాంకు వాళ్ళు ఫ్లాట్‌కి 72 లక్షల విలువ పూర్తిగా కట్టినా మీకు ఇంకో లక్షన్నర పైన తక్కువ పడుతుంది, విలువ తగ్గించి కడితే 6 లక్షలకి పైనే తక్కువ పడొచ్చు. నేను హైదరాబాద్‌లో హోమ్ లోన్ ఫైళ్ళు, రిజిస్ట్రేషన్ పేపర్లు చూసే పనిలో చాలా ఏళ్ళుగా ఉన్నాను, టోకెన్ అడ్వాన్స్ ఇచ్చేశాక సరిగ్గా ఇక్కడే ఇరుక్కునే వాళ్ళని ఎంతో మందిని చూశాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

ముందు మీ బావగారి 6 శాతం సంగతి. ఆయన చెప్పింది ఒకప్పుడు నిజమే. తెలంగాణలో 2021 జులై దాకా స్టాంప్ డ్యూటీ 4, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5, మొత్తం 6 శాతమే ఉండేది. 2021 జులై 22 నుంచి స్టాంప్ డ్యూటీని 5.5 చేశారు, అక్కడి నుంచి మొత్తం 7.5 అయింది. అంతకు ముందు కొన్నవాళ్ళందరి నోటా ఇప్పటికీ ఆ 6 అనే మాటే వస్తుంటుంది. మీ 72 లక్షల మీద 7.5 శాతం అంటే 5 లక్షల 40 వేలు. ఇందులో స్టాంప్ డ్యూటీ 3,96,000, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1,08,000, రిజిస్ట్రేషన్ ఫీజు 36,000. దీంతో పాటు ప్రాపర్టీ ట్యాక్స్ రికార్డులో పేరు మార్చడానికి మ్యుటేషన్ ఫీజు 0.1 శాతం లెక్కన ఇంకో 7,200 తీసుకుంటారు, యూజర్ చార్జీలని ఇంకొన్ని వందలు. అంతే, గవర్నమెంటుకి కట్టేది ఇదే. మరి బ్రోకర్ చెప్పిన 8 ఎక్కడి నుంచి వచ్చింది అంటే డాక్యుమెంట్ రైటర్ ఫీజు, "ఆఫీస్ ఖర్చులు" అని ఇంకేదో కలిపేసి రౌండ్ చేసి చెప్తుంటారు. మీ ఫ్లాట్ మీద ఆ మిగిలిన 0.4 శాతం అంటే దాదాపు 29 వేలు, చిన్న డబ్బేం కాదు. అందుకే "మొత్తం నేను చూసుకుంటా, లంప్‌సమ్‌గా 5.80 ఇచ్చేయండి" అంటే ఒప్పుకోవద్దు. చలానా ఆన్‌లైన్‌లో మీ అకౌంట్ నుంచి మీరే కట్టండి. చలానాలో ఏ పద్దు కింద ఎంతో విడివిడిగా ఉంటుంది, ఆ కాగితం మీ దగ్గరే ఉంటుంది. డాక్యుమెంట్ రైటర్‌కి విడిగా మాట్లాడుకోండి, మామూలు రీసేల్ డీడ్‌కి 10 వేలు అనుకుంటే సరిపోతుంది.

(ఆంధ్ర వాళ్ళు కూడా చదువుతుంటారు కాబట్టి: అక్కడ స్టాంప్ డ్యూటీ 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం కలిపితే అక్కడా 7.5 శాతమే. విజయవాడ, వైజాగ్‌లో కొనేవాళ్ళు కూడా ఈ లెక్కే దాదాపు వాడుకోవచ్చు.)

ఈ 7.5 దేని మీద వేస్తారు అనేది చాలామందికి క్లారిటీ ఉండదు. గవర్నమెంటు ప్రతి ఏరియాకి అపార్ట్‌మెంట్‌కి చదరపు అడుగుకి ఇంత అని ఒక రేటు పెట్టి ఉంచుతుంది, registration.telangana.gov.in లో జిల్లా, మండలం, ఏరియా పెట్టి చూసుకోవచ్చు. ఆ రేటుని కామన్ ఏరియాతో కలిపిన మీ ఫ్లాట్ విస్తీర్ణంతో గుణిస్తే గవర్నమెంట్ విలువ వస్తుంది. సేల్ డీడ్‌లో రాసిన ధర, ఈ గవర్నమెంట్ విలువ, రెండిట్లో ఏది ఎక్కువైతే దాని మీద డ్యూటీ కట్టాలి. హైదరాబాద్‌లో చాలా చోట్ల గవర్నమెంట్ విలువ బయట రేటు కన్నా తక్కువే ఉంటుంది, కాబట్టి మీకు 72 మీదే పడుతుంది. ఎక్కడైనా రివర్స్‌లో ఉంటే, అంటే మీకు బాగా తక్కువకి దొరికి గవర్నమెంట్ విలువ దానికన్నా 10 శాతం పైన ఎక్కువ ఉంటే, డ్యూటీ ఎక్కువ కట్టడమే కాదు, ఆ తేడాని మీ ఆదాయం కింద లెక్కేసి ఇన్‌కమ్ టాక్స్ కూడా అడుగుతారు, అది గుర్తుంచుకోండి.

ఇక్కడే మీ ఓనర్ గానీ బ్రోకర్ గానీ ఒక మాట అనే అవకాశం చాలా ఉంది: "గవర్నమెంట్ విలువ 45 లక్షలే కదా, 45కే రిజిస్ట్రేషన్ చేసుకుందాం, మిగతా 27 క్యాష్ ఇవ్వండి, మీకే 2 లక్షలు మిగులుతుంది" అని. 27 లక్షల మీద 7.5 శాతం అంటే 2,02,500, అంటే మిగిలే మాట ఆ రోజుకి నిజమే. కానీ మొదటి దెబ్బ అక్కడే పడుతుంది, బ్యాంకు లోన్ ఇచ్చేది అగ్రిమెంట్ ధర, తను కట్టిన విలువ రెండిట్లో తక్కువ దాని మీద, కాబట్టి 45 అని రాస్తే లోన్ 36 లక్షలకి పడిపోతుంది, ఆ పైన 27 లక్షలు నోట్ల రూపంలో తేవాలి, మీ దగ్గర ఉన్నదే 20, ఇది మీకు కుదిరే పనే కాదు. కుదిరినా చేయొద్దు. రేపు మీరు ఇదే ఫ్లాట్ 90కి అమ్మారనుకోండి, కాగితాల మీద మీ కొన్న ధర 45 కాబట్టి లాభం 27 లక్షలు ఎక్కువ చూపిస్తుంది. రెండేళ్ళు దాటాక అమ్మితే లాంగ్ టర్మ్ గెయిన్ మీద ఇప్పుడు టాక్స్ 12.5 శాతం, 2024 జులై 23 నుంచి మారిన రూల్ ప్రకారం ఇప్పుడు కొనేవాళ్ళకి ఇండెక్సేషన్, అంటే ద్రవ్యోల్బణాన్ని బట్టి కొన్న ధరని పెంచి చూపించుకునే వీలు కూడా లేదు. 27 లక్షల మీద 12.5 అంటే 3,37,500, పైన సెస్. ఇవాళ 2 లక్షలు మిగుల్చుకుని రేపు 3.37 కట్టడం అన్నమాట. పైగా స్థిరాస్తి లావాదేవీలో 20 వేలు, ఆ పైన క్యాష్ తీసుకుంటే తీసుకున్న వాళ్ళ మీద అంత మొత్తమూ పెనాల్టీ పడే రూల్ ఉంది, ఇచ్చిన మిమ్మల్ని ఆ 27 లక్షలు ఎక్కడివని అడుగుతారు. ధర ఎంతో అంత రాయించుకోండి, అదే మీకు మేలు.

సరే, ఇప్పుడు బ్రోకర్. రీసేల్‌లో మన దగ్గర మామూలుగా కొనేవాళ్ళ దగ్గర 1 శాతం, అమ్మేవాళ్ళ దగ్గర 1 శాతం తీసుకుంటారు, కొంతమంది 2 అడుగుతారు. ఇది చట్టంలో రాసి ఉన్న రేటు కాదు, మాట్లాడుకునేదే, 72 లక్షల ఫ్లాట్‌కి 1 శాతం దాటి ఇవ్వాల్సిన పని లేదని నా అభిప్రాయం. 72 వేలు. ఆ ఏజెంట్‌కి జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే దాని మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది, మొత్తం 84,960 అవుతుంది. జీఎస్టీ అడిగితే జీఎస్టీ నంబర్ ఉన్న బిల్లు అడగండి, బిల్లు ఇవ్వకపోతే ఆ 12,960 ఇవ్వాల్సిన పని లేదు. రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ రెరాలో ఏజెంట్లకి కూడా రిజిస్ట్రేషన్ ఉంటుంది, ఆ నంబర్ కూడా ఒకసారి అడిగి చూడండి. ఎంత, ఎప్పుడు ఇవ్వాలి అనేది ఫ్లాట్ చూపించినప్పుడే వాట్సాప్‌లో అయినా సరే రాయించుకోండి. సగం అగ్రిమెంట్ రోజు, సగం రిజిస్ట్రేషన్ రోజు అనుకుంటే ఇద్దరికీ ఇబ్బంది ఉండదు, మొత్తం ముందే ఇచ్చేస్తే తర్వాత ఫోన్ ఎత్తే వాళ్ళు తక్కువ. బ్యాంక్ ట్రాన్స్‌ఫర్ ద్వారానే ఇవ్వండి, ఎందుకో చివర్లో చెప్తా.

లోన్ ఖర్చులు చాలామంది అసలు లెక్కలోకే తీసుకోరు. లోన్ తీసుకుంటే మీ ఒరిజినల్ డాక్యుమెంట్లు బ్యాంకు దగ్గర పెట్టినట్టు ఒక మెమోరాండం రిజిస్టర్ చేస్తారు, బ్యాంకుల్లో ఎమ్‌ఓడీ అంటారు. దానికి తెలంగాణలో లోన్ మొత్తం మీద అర శాతం స్టాంప్ డ్యూటీ, గరిష్ఠంగా 50 వేలు, విడిగా ఇంకొంచెం రిజిస్ట్రేషన్ ఫీజు. మీ లోన్ 57 లక్షల చిల్లర అనుకుంటే అన్నీ కలిపి 35 వేల దాకా పెట్టుకోండి. బ్యాంకు ప్రాసెసింగ్ ఫీజు, లాయర్ లీగల్ ఒపీనియన్, వాల్యూయేషన్ ఇంజనీర్ ఫీజు కలిపి బ్యాంకుని బట్టి మారుతుంది, 25 వేలు పెట్టుకుందాం. అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కి ట్రాన్స్‌ఫర్ ఫీజు, కరెంట్ మీటర్ పేరు మార్పు, ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఈసీ, జిరాక్సులు, నోటరీ ఇలాంటి చిల్లర ఖర్చులకి ఇంకో 20 వేలు.

ఇప్పుడు కూడండి. గవర్నమెంటుకి 5,47,200, బ్రోకర్‌కి 84,960, ఎమ్‌ఓడీకి 35 వేలు, బ్యాంకు ఫీజులు 25 వేలు, డాక్యుమెంట్ రైటర్‌కి 10 వేలు, అసోసియేషన్, మిగతావి 20 వేలు. మొత్తం 7 లక్షల 22 వేలు. అంటే 72 లక్షల ఫ్లాట్ మీకు పడేది 79 లక్షల 22 వేలు, చూసిన రేటు మీద దాదాపు 10 శాతం ఎక్కువ. రీసేల్ ఫ్లాట్‌కి, లోన్‌తో, బ్రోకర్‌తో కొంటే ఈ 10 శాతం అనేది హైదరాబాద్‌లో బాగానే సరిపోయే లెక్క.

అసలు విషయం ఇప్పుడు వస్తుంది. "10 శాతమే కదా, లోన్ కొంచెం ఎక్కువ తీసుకుంటాం" అనుకుంటారు, కుదరదు. ఆర్బీఐ రూల్ ప్రకారం బ్యాంకులు ఫ్లాట్ విలువ లెక్కేసేటప్పుడు స్టాంప్ డ్యూటీ, రిజిస్ట్రేషన్, డాక్యుమెంటేషన్ ఖర్చులు అందులో కలపకూడదు, 10 లక్షల లోపు ఇళ్ళకి మాత్రమే మినహాయింపు. అలాగే 30 లక్షల నుంచి 75 లక్షల మధ్య లోన్‌కి విలువలో 80 శాతం దాటి ఇవ్వకూడదు, 75 దాటితే 75 శాతమే. కాబట్టి మీకు గరిష్ఠంగా 72లో 80 శాతం, అంటే 57 లక్షల 60 వేలు వస్తుంది. మిగతా 14 లక్షల 40 వేలు మీ వాటా. దానికి ఆ 7.22 కలిపితే మీ జేబు నుంచి 21 లక్షల 62 వేలు కావాలి. మీ దగ్గర 20 ఉంది. లక్షా 62 వేలు తక్కువ, ఇది కూడా అంతా సవ్యంగా జరిగితేనే.

సవ్యంగా జరగకపోవడం అంటే వాల్యూయేషన్. బ్యాంకు పంపే ఇంజనీర్ వచ్చి ఫ్లాట్ కొలుస్తాడు, బిల్డింగ్ వయసు చూస్తాడు, అప్రూవ్డ్ ప్లాన్‌తో పోల్చి చూస్తాడు, ఆ చుట్టుపక్కల ఏ రేటుకి వెళ్తున్నాయో చూసి తన లెక్క తను రాస్తాడు. రీసేల్‌లో, అందులోనూ పదేళ్ళు దాటిన బిల్డింగ్‌కి, మీరు మాట్లాడుకున్న ధర కన్నా తక్కువ రాయడం చాలా మామూలు. 72కి బదులు 66 అని రాశాడనుకోండి, లోన్ 52 లక్షల 80 వేలకి దిగుతుంది, ఓనర్ మాత్రం 72 నుంచి రూపాయి తగ్గడు. మీ వాటా 19 లక్షల 20 వేలు అవుతుంది, ఖర్చులు కలిపితే 26 లక్షల 40 వేలు. ఇప్పుడు మీకు 6 లక్షల 40 వేలు తక్కువ, అప్పటికే టోకెన్ ఇచ్చేసి ఉంటారు, అగ్రిమెంట్‌లో 45 రోజులో 60 రోజులో గడువు రాసి ఉంటుంది. అప్పుడు పర్సనల్ లోన్‌కి పరిగెత్తుతారు, దాని ఈఎమ్ఐ మొదలైతే హోమ్ లోన్ ఎలిజిబిలిటీ ఇంకా తగ్గుతుంది. అందుకే నేను గట్టిగా చెప్పేది ఒకటే, పెద్ద అడ్వాన్స్ ఇచ్చే ముందే ఓనర్ దగ్గర డాక్యుమెంట్ల జిరాక్సులు తీసుకుని బ్యాంకులో లీగల్, వాల్యూయేషన్ చేయించండి. మహా అయితే కొన్ని వేలు పోతాయి. ఓనర్ టోకెన్ లేకుండా ఆగను అంటే చిన్న మొత్తం ఇచ్చి, "లోన్ శాంక్షన్ కాకపోతే లేదా లీగల్‌లో తేడా వస్తే అడ్వాన్స్ తిరిగి ఇవ్వాలి" అనే లైన్ రాయించండి. ఆ ఒక్క లైన్ లేక అడ్వాన్స్ పోగొట్టుకున్న కుటుంబాలని చూసినప్పుడు నిజంగా బాధేస్తుంది.

మీ దగ్గర ఉన్న డబ్బుకి ఎంత ఫ్లాట్ చూడొచ్చో వెనక నుంచి లెక్కేయాలంటే, 20 శాతం మీ వాటా, 10 శాతం ఖర్చులు, మొత్తం 30 శాతం. 20 లక్షలకి 66 లక్షల ఫ్లాట్ వస్తుంది, వాల్యూయేషన్ కొంచెం తగ్గినా తట్టుకోవాలి, దిగేముందు పెయింటింగ్, ప్లంబింగ్ లాంటివి చేయించుకోవాలి అంటే 60 దగ్గర చూడండి. లేదా ఇదే ఫ్లాట్ కావాలంటే ఓనర్‌తో 68కి మాట్లాడి, ఇంట్లో వాళ్ళ దగ్గర ఇంకో 4, 5 లక్షలు ముందే సర్దుబాటు చేసుకోండి. ధర 4 తగ్గితే డ్యూటీ కూడా 30 వేలు తగ్గుతుంది.

టీడీఎస్ గురించి కూడా చెప్పాలి. ధర 50 లక్షలు, ఆ పైన ఉంటే కొనేవాళ్ళే 1 శాతం టీడీఎస్ పట్టుకుని ఓనర్ పాన్ మీద ఇన్‌కమ్ టాక్స్ పోర్టల్‌లో కట్టాలి. మీకు 72 వేలు. ఇది మీకు ఎక్స్‌ట్రా ఖర్చు కాదు, ఓనర్‌కి ఇచ్చే డబ్బులోంచి పట్టుకునేది, ఓనర్ చేతికి 71 లక్షల 28 వేలు వెళ్తుంది. కానీ జనం ఏం చేస్తారంటే తమ వాటా మొత్తం ఓనర్‌కి ఇచ్చేస్తారు, బ్యాంకు చెక్ ఇచ్చే ముందు టీడీఎస్ చలానా అడుగుతుంది, అప్పుడు ఓనర్‌ని వెనక్కి ఇమ్మంటే ఇవ్వడు, చచ్చినట్టు సొంత డబ్బు కడతారు. కాబట్టి అగ్రిమెంట్‌లోనే టీడీఎస్ పోను ఇస్తామని రాయించి, ప్రతి పేమెంట్‌లో 1 శాతం పట్టుకుని మిగతాది ఇవ్వండి. పట్టుకున్న నెల అయిపోయిన 30 రోజుల్లో కట్టేయాలి, ఆలస్యమైతే వడ్డీ, రోజుకి 200 లెక్కన లేట్ ఫీజు. ఇంకొకటి, మన హైదరాబాద్‌లో ఓనర్ అమెరికాలో ఉండి వాళ్ళ నాన్నగారు జీపీఏ అనే అధికార పత్రం మీద అమ్ముతుండటం చాలా మామూలు. ఓనర్ ఎన్ఆర్ఐ అయితే ఈ 1 శాతం రూల్ వర్తించదు, లాంగ్ టర్మ్ అయితే 12.5 శాతం, పైన సర్‌చార్జీ, సెస్ పట్టుకోవాలి, తక్కువ పట్టుకోవాలంటే ఓనరే ఇన్‌కమ్ టాక్స్ ఆఫీస్ నుంచి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. 1 శాతమే పట్టుకుంటే మిగతాది డిపార్ట్‌మెంట్ మిమ్మల్నే అడుగుతుంది. కాబట్టి మొదటి రోజే ఓనర్ ఇండియాలో ఉంటారా అని అడగండి.

ఇదంతా చూసి కొంతమంది "రీసేల్ వద్దు, కొత్తది కొంటే బ్రోకర్ ఉండడు" అంటారు. కట్టుబడిలో ఉన్న ఫ్లాట్ అయితే 5 శాతం జీఎస్టీ ఉంటుంది, 72 మీద 3 లక్షల 60 వేలు, పైన అదే 7.5. బ్రోకర్ లేనందువల్ల మీకు మిగిలేది 85 వేలే. 1 శాతం జీఎస్టీ అనేది ధర 45 లక్షల లోపు, హైదరాబాద్‌లో కార్పెట్ ఏరియా 60 చదరపు మీటర్ల లోపు ఉంటేనే, రెండూ కలవాలి. దీనికి తోడు అసోసియేషన్ మూలనిధి కింద తీసుకునే కార్పస్ ఫండ్, ఒకటి రెండేళ్ళ మెయింటెనెన్స్ అడ్వాన్స్, కార్ పార్కింగ్, ఎమినిటీస్ అని బిల్డర్ షీట్‌లో కింద చిన్న అక్షరాల్లో ఉంటాయి, చదరపు అడుగు రేటు చూసి మురిసిపోకుండా ఆ షీట్ మొత్తం కూడించి అడగండి. బిల్డింగ్‌లో ఉండొచ్చని ఇచ్చే అనుమతి పత్రం, అంటే ఓసీ వచ్చేశాక మొదటి రూపాయి ఇచ్చి కొంటే జీఎస్టీ లేదు, ఓసీ రాకముందే కొంత కట్టి ఉంటే మాత్రం మొత్తం మీదా పడుతుంది. రీసేల్‌కి జీఎస్టీ అసలే లేదు.

మీ రీసేల్‌లో మాత్రం అసోసియేషన్ దగ్గర ఓనర్ మెయింటెనెన్స్ బకాయి లేదని లెటర్, కరెంట్ బిల్లు, ప్రాపర్టీ ట్యాక్స్ రసీదులు రిజిస్ట్రేషన్‌కి ముందే తీసుకోండి. కొంతమంది ఓనర్లు చివరి వారంలో "నేను కట్టిన కార్పస్ 50 వేలు మీరు ఇవ్వాలి" అంటారు, 72లోనే కార్పస్, పార్కింగ్ కలిసి ఉన్నాయని అగ్రిమెంట్‌లో రాస్తే ఆ పేచీ ఉండదు.

బ్యాంక్ ట్రాన్స్‌ఫర్ ఎందుకన్నానంటే, రేపు మీరు అమ్మినప్పుడు కొన్న ధరకి స్టాంప్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు, బ్రోకర్‌కి ఇచ్చింది కూడా కలిపి చూపించుకోవచ్చు, అంతమేర లాభం తగ్గి టాక్స్ తగ్గుతుంది, కానీ రుజువు ఉండాలి. మీరు పాత టాక్స్ పద్ధతిలో ఉంటే స్టాంప్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ కట్టిన ఏడాదే 80సీ లోని లక్షన్నర పరిమితిలో కూడా క్లెయిమ్ చేసుకోవచ్చు, కొత్త పద్ధతిలో అది లేదు. చలానా, బ్రోకర్ బిల్లు, టీడీఎస్ రసీదు స్కాన్ చేసి మెయిల్‌లో పెట్టుకోండి. బిల్డింగ్ ఎన్నేళ్ళది, ఓనర్ ఇక్కడే ఉంటారా, బ్యాంకు ఏదో చెప్తే వాల్యూయేషన్ ఎటు ఉండొచ్చో ఇంకొంచెం దగ్గరగా చెప్పగలను.